భోజన హోటల్ పెరట్లో కంపోస్టు

ఉదయం, సాయంత్రం టిఫిన్లు, మధ్యాహ్నం అరిటాకు భోజనం పెట్టే శాకాహార హోటల్లో చెత్త ఒక్కచోట పుట్టదు. తెల్లవారుజామున కూరగాయలు తరిగే బల్ల దగ్గర తొక్కలు, తొడిమలు, ముచ్చికలు పోగవుతాయి. కాఫీ కౌంటర్లో డికాషన్ తీసిన పిప్పి మిగులుతుంది. చట్నీకి కొబ్బరి తీసేచోట చిప్పలు పడతాయి. మధ్యాహ్నం బల్లల మీది నుంచి ఎంగిలి విస్తళ్లు, వాటిలో వదిలేసిన అన్నం, సాంబారు వస్తాయి. పార్సిల్ కౌంటర్ కింద కవర్ల ముక్కలు, రబ్బరు బ్యాండ్లు, స్టాప్లర్ పిన్నులు రాలతాయి. పుట్టిన చోట ఇవన్నీ విడివిడిగానే ఉంటాయి. పెరట్లో ఉన్న ఒకే ఒక్క పెద్ద డ్రమ్ములోకి చేరాకే అవి కలిసిపోతాయి. ఒకసారి సాంబారులో నానిన ప్లాస్టిక్ కవరును అన్నం ముద్దలోంచి వెతికి తీసే ఓపిక రాత్రి పదింటికి ఏ పనివాడికీ ఉండదు. అందుకే వేరుచేయడం అనే పనిని చెత్త పుట్టిన చోటే, పుట్టిన క్షణంలోనే ముగించాలి.

ఇది కొత్త నిబంధనేమీ కాదు. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు హోటళ్లు, రెస్టారెంట్లు తమ చెత్తను పుట్టిన చోటే వేరుచేయాలనీ, కుళ్లే చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే కంపోస్టుగానో బయోగ్యాస్‌గానో మార్చాలనీ చెప్పాయి. రోజుకు సగటున 100 కిలోలు దాటి చెత్త వచ్చే సంస్థలను పెద్ద ఉత్పత్తిదారులుగా లెక్కగట్టాయి. ఆ హద్దుకు లోపల ఉన్న మధ్యతరహా హోటల్ కూడా పెద్ద యంత్రాలేవీ లేకుండా ఈ పని మొదలుపెట్టవచ్చు. కావలసింది కొంచెం పెరడు, కొన్ని బుట్టలు, ఎవరి పని ఏదో తేల్చిచెప్పే పద్ధతి.

మొదటి వారం చేయవలసింది తూకం మాత్రమే. వేలాడదీసే చిన్న కాటా ఒకటి పెరట్లో పెట్టి, ఒక్కోచోటి చెత్తను ఒక్కో బకెట్‌లో ఏడు రోజులపాటు తూచి రాయాలి. వారం మొత్తం ఎందుకంటే ఆదివారం చెత్తకూ మంగళవారం చెత్తకూ పోలిక ఉండదు. ఉదాహరణకు, మధ్యాహ్నం రెండు వందల యాభై మందికి భోజనం పెట్టే హోటల్‌ను ఊహించుకుందాం. అక్కడ రోజు సగటు ఇలా తేలిందనుకుందాం: కూరగాయల తొక్కలు, తొడిమలు 18 కిలోలు, టీ కాఫీ పిప్పి 4 కిలోలు, తినడం అయ్యాక దులిపేసిన అరిటాకులు 8 కిలోలు, మిగిలిన వండిన పదార్థాలు 22 కిలోలు, కొబ్బరి చిప్పలు 4 కిలోలు, కాగితం, ప్లాస్టిక్ లాంటి పొడి చెత్త 6 కిలోలు. మొత్తం 62 కిలోలు. ఇందులో మొదటి మూడూ కలిపి 30 కిలోలు. కంపోస్టు పెట్టె మొదలయ్యేది ఈ ముప్ఫై కిలోలతోనే. వండిన పదార్థాలను మొదటి నెల పెట్టె దగ్గరికి రానివ్వకూడదు. ఉత్సాహంతో మొదటి రోజే అన్నం, పప్పు, సాంబారు అన్నీ గుమ్మరించిన పెట్టె వారం తిరగకుండా కంపు కొడుతుంది. పక్కింటివాళ్లు గొడవ పెడతారు, ప్రయత్నం అక్కడితో ఆగిపోతుంది.

తూకం తేలాక బుట్టలు పెట్టాలి. తరిగే బల్ల పక్కన ఆకుపచ్చ బుట్ట ఉంటుంది, అందులో పచ్చి తొక్కలు తప్ప ఇంకేమీ పడకూడదు. కాఫీ కౌంటర్ కింద అలాంటిదే చిన్నది ఒకటి. పార్సిల్ కౌంటర్ దగ్గర పొడి చెత్తకు నీలం బుట్ట. వేపుడు పొయ్యి దగ్గర వాడేసిన నూనెకు మూత ఉన్న డబ్బా. ఈ నూనె కంపోస్టులోకీ పోకూడదు, తూములోకీ పోకూడదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నూనెలోని ధ్రువ సమ్మేళనాల మొత్తం 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడకూడదని హద్దు పెట్టింది. అలాంటి నూనెను బయోడీజిల్ తయారీకి తీసుకునేవారికి అమ్మవచ్చు. కొబ్బరి చిప్పలకు ఒక గోనెసంచి చాలు. చిప్ప కంపోస్టులో ఏళ్ల తరబడి కరగదు, పొయ్యిలోకో బొగ్గు చేసేవారికో పోతుంది.

అన్నిటికంటే కష్టమైన చోటు అంట్లు తోమే తొట్టి. మధ్యాహ్నం రద్దీలో విస్తళ్లు, గిన్నెలు ఒకేసారి వచ్చి పడతాయి. అక్కడ నడుము ఎత్తులో ఒక బల్ల, దాని మీద మూడు పాత్రలు వరసగా ఉండాలి. మొదటిది చిల్లుల బుట్ట, కింద బకెట్‌తో. ఎంగిలి అన్నం, కూర ఇందులో పడతాయి, సాంబారు, మజ్జిగ నీళ్లు కిందికి కారతాయి. రెండోది దులిపిన అరిటాకులకు. మూడోది చేతి తుడుపు కాగితాలు, పుల్లలు, కవర్లు, ఐస్‌క్రీమ్ కప్పులు ఇలా మిగిలినవాటికి. వరస ఎప్పుడూ మారకూడదు. చూడకుండానే చెయ్యి సరైన చోటికి పోవాలంటే పాత్ర రోజూ అక్కడే ఉండాలి. బల్లను మోకాలి ఎత్తులో పెడితే క్లీనర్ వంగలేక విస్తరిని దూరం నుంచే విసిరేస్తాడు. వేరుచేయడం చెడిపోయిన చాలా హోటళ్లలో తప్పు మనిషిది కాదు, బల్ల ఎత్తుది.

అరిటాకు బదులు కాగితపు విస్తరి వాడే హోటళ్లకు ఒక జాగ్రత్త అవసరం. కాగితపు ప్లేట్లు, కప్పుల్లో చాలావాటికి లోపల పలచని ప్లాస్టిక్ పూత ఉంటుంది. చింపి చూస్తే పొర వేరుగా సాగుతుంది. అవి కంపోస్టుకు పనికిరావు. మట్టిలో కలిసిపోతాయని అచ్చువేసి అమ్మే కవర్లూ అంతే. వాటిలో చాలావాటికి పెద్ద ప్లాంటులో ఉండే వేడి నిలకడగా కావాలి, పెరటి పెట్టెలో అవి చెక్కుచెదరవు.

ఇక పెట్టె సంగతి. కూరగాయల తొక్కలు, పిప్పి, ఆకుల్లో దాదాపు 80 శాతం నీరే. అంటే 30 కిలోల్లో 24 కిలోలు నీళ్లు. కంపోస్టు చేసే సూక్ష్మజీవులకు తేమ కావాలి, దానితోపాటు గాలి కూడా కావాలి. మిశ్రమంలో తేమ 50 నుంచి 60 శాతం మధ్య ఉంటే రెండూ కుదురుతాయి. అంతకుమించితే సందుల్లో నీరు నిండి గాలి ఆడదు. గాలి లేనిచోట వేరే రకం సూక్ష్మజీవులు పనిచేస్తాయి, అవే దుర్వాసనకు మూలం. రెండో అవసరం కర్బనం, నత్రజనుల పొత్తు. నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం ఇరవై అయిదు నుంచి ముప్ఫై పాళ్లు ఉండాలి. వంటింటి చెత్తలో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. ఈ రెండు లోపాలనూ ఒకేసారి తీర్చేది ఎండు పదార్థమే. పైన చెప్పిన ముప్ఫై కిలోల పచ్చి చెత్తను 60 శాతం తేమకు దింపాలంటే బాగా ఎండిన ఆకులు సుమారు 12 కిలోలు కలపాలి. ఆకు తేలిక కాబట్టి కొలతలో చూస్తే బకెట్ పచ్చి చెత్తకు దాదాపు రెండు బకెట్ల నలిపిన ఎండుటాకు. పనివాళ్లకు కిలోలు చెప్పనక్కరలేదు, "ఒకటికి రెండు" అన్న మాట చాలు.

ఈ ఎండుటాకు ఎక్కడినుంచి వస్తుందన్నదే చాలామంది ఆలోచించని ప్రశ్న. రోజుకు 12 కిలోలంటే నెలకు 360 కిలోలు. శిశిరంలో చెట్లు ఆకులు రాల్చేటప్పుడు దగ్గరలోని పార్కు, బడి, కాలనీ ఊడ్చేవారితో మాట్లాడుకుని గోతాలకెత్తించి వానకు తడవని చోట నిల్వ చేసుకోవాలి. చాలకపోతే కొబ్బరి పీచు పొట్టు ఇటుకలుగా దొరుకుతుంది. రంపపు పొట్టు కూడా పనికొస్తుంది కానీ అందులో కర్బనం మరీ ఎక్కువ, కొంచెమే వేయాలి. రంగులు, రసాయనాలు పట్టించిన చెక్క పొట్టు అసలు వద్దు. వరి ఊక గాలి ఆడేలా చేస్తుంది గానీ తొందరగా కుళ్లదు. ఒకటి రెండు పెట్టెలు తయారయ్యాక జల్లెడ పట్టగా మిగిలే మోటు ముక్కలను మళ్లీ ఎండు పదార్థంగా వాడుకుంటే ఆకుల అవసరం కొంత తగ్గుతుంది. పైగా అందులో సిద్ధంగా ఉన్న సూక్ష్మజీవులు కొత్త పెట్టెను త్వరగా వేడెక్కిస్తాయి. అప్పటివరకు మొదటి పెట్టెకు రెండు తట్టల పాత ఎరువో ఎండిన పశువుల పేడో చాలు.

పెట్టె మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉంటే మేలు. అంతకన్నా చిన్నదైతే లోపలి వేడి నిలవదు. ఇటుకల మధ్య సందులు వదిలి మూడు వైపులా గోడ కట్టి, ముందువైపు తీసి పెట్టుకునేలా పలకలు అమర్చాలి. అడుగున విరిగిన ఇటుక ముక్కలు పరిచి, ఊట కారి ఒక బకెట్‌లోకి చేరేలా కొద్దిగా వాలు ఇవ్వాలి. పైన రేకు, ఎలుకలు దూరకుండా చుట్టూ సన్నకన్నాల ఇనుప జాలీ ఉండాలి. రోజుకు 42 కిలోల మిశ్రమం వేస్తే, అది అణుగుతూ పోతుంది కాబట్టి ఒక పెట్టె దాదాపు పది రోజులకు నిండుతుంది. నిండాక నలభై రోజులు కదపడం, తేమ చూడటం తప్ప కొత్త చెత్త వేయకూడదు. అంటే మొదటి పెట్టె ఖాళీ అయ్యేనాటికి యాభై రోజులు. అప్పటివరకు రోజూ వచ్చే చెత్తకు చోటు ఉండాలంటే అయిదు పెట్టెలు కావాలి. పనిచేసే జాగాతో కలిపి పదిహేను చదరపు మీటర్లు చాలు. ఆ జాగా లేని హోటళ్లు మేడ మీద పెట్టేముందు ఇంజనీరును అడగడం మంచిది. నిండిన పెట్టె ఒక్కోటి అయిదు వందల కిలోల దాకా తూగవచ్చు.

గాలి ఆడేలా తిరగేయడం అన్నది మన దేశంలోనే స్థిరపడిన పద్ధతి. ఆల్బర్ట్ హోవర్డ్ 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో పనిచేసి రూపొందించిన ఇండోర్ పద్ధతిలో పొరలుగా పేర్చిన కుప్పను కొన్నాళ్లకొకసారి తిరగేస్తారు. తర్వాత వచ్చిన బెంగళూరు పద్ధతిలో గోతిని మూసి కదపకుండా నెలల తరబడి వదిలేస్తారు. శ్రమ తక్కువే కానీ గాలి ఆడదు. పొలం గట్టున అది నడుస్తుంది. జనం కూర్చుని భోజనం చేసే చోటికి నాలుగు అడుగుల దూరంలో మాత్రం తిరగేసే పద్ధతే సరైనది.

దినచర్యలో కంపోస్టుకు సరైన వేళ సాయంత్రం నాలుగు గంటలు. భోజనాల వేళ ముగిసి, టిఫిన్ల రద్దీ ఇంకా మొదలవదు. ఆ వేళకు ఒక మనిషి పేరు చీటీ మీద రాసి ఉండాలి, అతను సెలవు పెడితే ఎవరు చేయాలో కూడా రాసి ఉండాలి. "అందరూ చూసుకోండి" అని చెప్పిన పని ఎవరూ చూడరు. ఆ మనిషి ఆకుపచ్చ బుట్టలు తెచ్చి కాటా మీద పెడతాడు. అరిటాకులను కత్తితో అరచేతి వెడల్పు ముక్కలుగా నరుకుతాడు. నరకని ఆకులు ఒకదానిమీద ఒకటి అంటుకుని పొరలుగా మారి గాలిని ఆపేస్తాయి. క్యాబేజీ మోడు, అరటి దవ్వ, ములక్కాడ తొక్క లాంటివి చితక్కొట్టాలి. తర్వాత ఒకటికి రెండు లెక్కన ఎండుటాకు కలిపి, పెట్టెలో వేసి, పైన నాలుగు వేళ్ల మందాన పొడి ఆకు కప్పుతాడు. పచ్చి చెత్త ముక్క ఒక్కటి కూడా పైకి కనిపించకూడదు. ఈగలు గుడ్లు పెట్టేది అక్కడే. మూడు రోజులకొకసారి ఇనుప కడ్డీతో పొడిచి గాలి పంపడం, వారానికొకసారి నిండిన పెట్టెలను ముళ్ల పారతో తిరగేయడం కూడా అతని పనే. చేయి తిరిగాక రోజూ నలభై నిమిషాల పని.

ఈ పని చేసిన మనిషి ఆ పూట మళ్లీ వంట దగ్గరికి పోకుండా పనులు పంచాలి. తొడుగులు, బూట్లు, ఏప్రాన్ దీనికే వేరుగా ఉండాలి. వాటిని వంటింట్లో వేలాడదీయకూడదు. అన్ని బుట్టలకూ మూతలు ఉండాలి, రాత్రి తాళం వేసేముందు వాటిని కడిగి బోర్లించాలి.

సూపర్‌వైజర్ పని వేరు. షిఫ్టు మారేముందు అతను ప్రతి బుట్ట మూత తీసి చూస్తాడు. ఆకుపచ్చ బుట్టలో కవరు కనిపిస్తే దాన్ని తాను తీసేయడు, పెరటి మనిషి చేతా తీయించడు. ఆ బుట్ట ఉన్న చోట పనిచేసేవారిని పిలిచి, వారిచేతే తీయిస్తాడు. కేకలు, జరిమానాలు అక్కరలేదు. తప్పు పుట్టిన చోటికే తిరిగి వస్తుందని తెలిస్తే రెండు వారాల్లో చెయ్యి అలవాటుపడుతుంది. జరిమానా వేస్తే కవరు కనిపించకుండా అడుగున దాచడం మొదలవుతుంది. హైదరాబాద్ లాంటి నగరాల్లో వంటింటి సిబ్బందిలో ఒడిశా, బెంగాల్, బిహార్ నుంచి వచ్చినవారు ఎందరో ఉంటారు కాబట్టి, బుట్టల మీద అక్షరాల బదులు అందులో పడవలసిన వస్తువుల ఫొటోలు అంటించాలి. రాసే పుస్తకంలో అయిదు గళ్లు చాలు: తేదీ, పచ్చి చెత్త బకెట్లు, ఎండుటాకు బకెట్లు, పెట్టె నడిమి వేడి, గమనించిన మాట.

నడిమి వేడి చూడటానికి పొడవాటి కడ్డీ థర్మామీటర్ ఒకటి కొనడం మంచి ఖర్చు. సరిగ్గా కలిపిన పెట్టె మూడు నాలుగు రోజుల్లో 50 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. 55 డిగ్రీలకు పైన వరసగా మూడు రోజులైనా ఉంటే వ్యాధికారక క్రిములు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. 65 దాటితే కంపోస్టు చేసే జీవులకే ప్రమాదం, వెంటనే తిరగేయాలి. వేడెక్కకపోతే కారణం ఎండిపోవడమో, మరీ తడిసిపోవడమో, కుప్ప చిన్నదవడమో అయి ఉంటుంది. పిడికెడు మిశ్రమాన్ని గట్టిగా పిండితే తేలిపోతుంది. రెండు మూడు చుక్కలు వేళ్ల మధ్య మెరిస్తే తేమ సరే. ధారగా కారితే ఆకు చాలలేదు. చేయి తెరవగానే పొడిపొడిగా రాలితే నీళ్లు చిలకరించాలి, ఊట బకెట్‌లోని నీటిని ఇందుకే వాడవచ్చు.

వాసన కూడా అంత స్పష్టంగానే మాట్లాడుతుంది. కుళ్లిన గుడ్ల కంపు వస్తే గాలి ఆడటం లేదు, కుప్పను విప్పి ఎండుటాకు కలిపి మళ్లీ పేర్చాలి. ముక్కు ఘాటెక్కే అమ్మోనియా వాసన వస్తే నత్రజని ఎక్కువైంది. కాఫీ పిప్పి, పచ్చి ఆకుకూరల తుక్కు ఒకేసారి ఎక్కువ పడినప్పుడు ఇలా అవుతుంది. దీనికీ మందు ఎండుటాకే. వానాకాలంలో బూడిదరంగు లావాటి పురుగులు గుంపుగా కనిపిస్తే పనివాళ్లు భయపడతారు. అవి చాలాసార్లు నల్ల సైనిక ఈగ పిల్లలు. కుళ్లే పదార్థాన్ని వేగంగా తినేస్తాయి, మనుషుల తిండి మీద వాలే రకం కాదు. కానీ అవి కనిపించాయంటే పెట్టె తడి ఎక్కువైందనీ, పైకప్పు ఆకు పలచబడిందనీ గుర్తు. ఎలుకలు వస్తే మాత్రం కారణం ఒకటే, వండిన పదార్థం లోపలికి వస్తోంది.

ఆ వండిన 22 కిలోల సంగతి చివరికి మిగిలే కష్టమైన లెక్క. అన్నం పిండిపదార్థం కాబట్టి అణిగి ముద్దవుతుంది, నూనె ప్రతి ముక్కకూ పూత పట్టి గాలిని అడ్డుకుంటుంది, ఉప్పు ఎరువులో అలాగే మిగిలిపోతుంది. పెట్టెలు నెల రోజులు నిలకడగా వేడెక్కి, సిబ్బంది చేతులు అలవాటుపడ్డాక, చిల్లుల బుట్టలో నీరు కారిపోయిన ఎంగిలిని రోజుకు 5 కిలోల వరకు నడిమి గుంటలో వేసి, రెట్టింపు ఆకుతో కప్పవచ్చు. అంతకుమించి వద్దు. మాంసం వండే హోటళ్లలో ఎముకలు, చేప ముల్లు, కొవ్వు ఈ పెట్టెల్లో ఎప్పుడూ వేయకూడదు. మిగిలిన ఎంగిలిని పురపాలక తడిచెత్త బండికి విడిగా ఇవ్వడమే మేలు. నిజానికి ఇలాంటి పదార్థానికి సరైన చోటు బయోగ్యాస్ ప్లాంటు. గాలి లేకుండా కుళ్లే గుణమే అక్కడ పనికొస్తుంది. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పరిజ్ఞానంతో నడిచే ప్లాంటు మార్కెట్ చెత్త నుంచి గ్యాస్, కరెంటు తీస్తోంది. ఒక్క హోటల్ సొంతంగా అంత పెట్టలేకపోయినా, ఎంగిలిని పచ్చి తొక్కల నుంచి విడిగా ఉంచితే అలాంటి ప్లాంటుకు పంపే వీలు మిగులుతుంది. ఇక ఎంగిలి తూకం రాయడం వల్ల వెంటనే కలిగే లాభం ఇంకొకటి ఉంది. ఏ రోజు ఏ కూర విస్తళ్లలో ఎక్కువ మిగిలిందో వంట మాస్టర్‌కు తెలుస్తుంది, మర్నాటి వంటలో ఆ మేరకు తగ్గిస్తాడు.

యాభై రోజులకు మొదటి పెట్టె తెరిస్తే 420 కిలోల మిశ్రమం సుమారు 130 కిలోలకు తగ్గి ఉంటుంది. రంగు నల్లబడుతుంది, తొలకరి మట్టి వాసన వస్తుంది, తొక్కలు ఆనవాలు పట్టలేం. అయినా అప్పుడే వాడకూడదు. గోతాల్లో నింపి నీడలో మరో మూడు నాలుగు వారాలు మాగనివ్వాలి. పచ్చిగా ఉన్న కంపోస్టు మట్టిలోని నత్రజనిని తానే లాగేసుకుని మొక్కను పసుపెక్కిస్తుంది. మాగిందో లేదో తెలుసుకోవడానికి పిడికెడు తడి కంపోస్టును గాలి చొరని కవర్లో కట్టి మూడు రోజులు ఉంచి ముక్కు దగ్గర పెట్టి చూడాలి. మట్టి వాసనే వస్తే మాగినట్టు, పులిసిన వాసన వస్తే ఇంకా మాగాలి. సగం కంపోస్టు, సగం మట్టి కలిపిన గిన్నెలో మెంతులు చల్లి, ఉత్త మట్టిలో వేసినవాటితో పోల్చడం మరో పరీక్ష. కంపోస్టులో మొలకలు తగ్గినా, కొసలు మాడినా ఉప్పు ఎక్కువైందని అనుమానించాలి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నగర కంపోస్టుకు లవణాల హద్దును మీటరుకు 4 డెసీసీమెన్లుగా పెట్టింది. ఎంగిలి ఎక్కువ కలిపిన హోటల్ కంపోస్టు దీన్ని దాటే వీలుంది కాబట్టి ఏడాదికొకసారి మట్టి పరీక్షా కేంద్రంలో చూపించడం మంచిది.

కుండీలకు మూడు పాళ్ల మట్టికి ఒక పాలు కంపోస్టు చాలు. ఎరువుగా పేరుపెట్టి అమ్మాలంటే అదే ఉత్తర్వు కింద అనుమతులు, నాణ్యతా పరీక్షలు అవసరమవుతాయి. అందుకే హోటళ్లు తమ కుండీలకు పోగా మిగిలినదాన్ని కూరగాయలు, అరిటాకులు తెచ్చే రైతులకు ఊరికే ఇచ్చేయడం సులువైన దారి. సరుకు దించి ఖాళీగా వెనక్కి పోయే బండిలో అయిదారు గోతాలు సులభంగా పడతాయి.